కమోడ్ సీటు కవరు మార్చాలా? షాపుకి వెళ్ళే ముందు ఒక పాత పేపరు, ఒక టేపు తియ్యండి

మా ఫ్లాటు వైజాగ్ ఎంవీపీ కాలనీలో, బీచ్ రోడ్డుకి నడిచి వెళ్ళిపోవచ్చు అంత దగ్గర. కామన్ బాత్రూమ్‌లో ఉన్న కమోడ్ సీటు ఎడమ హింజ్ దగ్గర చిట్లింది, నాన్నకి మోకాళ్ళ నొప్పులు కదా, గోడ పట్టుకుని ఒక పక్కకి ఒరిగి కూర్చుంటారు, ఆ బరువంతా ఏళ్ళ తరబడి ఆ పక్కనే పడి పడి చివరికి అది కాస్తా చీలిపోయింది. "బేగి మార్చరా, కూర్చుంటే గిల్లుతోంది" అని అమ్మ రెండు రోజులు చెప్పింది. మూడో రోజు నేను షాపుకి వెళ్ళి "కమోడ్ సీటు ఒకటి ఇవ్వండి" అన్నాను. "ఏ మోడల్ సార్?" అని అడిగేడు. "తెల్లది" అన్నాను నేను. నిజంగా అదే అన్నాను.

అతను నవ్వి ఒకటి తీసి ఇచ్చేడు, తెచ్చి పెడితే ముందు వైపు రెండు వేళ్ళంత బయటకి పొడుచుకొచ్చింది. తిరిగి తీసుకెళ్ళి మార్చుకుని ఇంకోటి తెస్తే దానికి పొడవు సరిపోయింది గానీ ముక్కు దగ్గర ఆకారం వేరే. మూడోసారి వెళ్ళే ముందు బుద్ధి వచ్చి కొలతలు తీసేను, అప్పటి నుంచి తెలిసిన నలుగురి ఇళ్ళల్లో నేనే మార్చేను కాబట్టి ఆ తిరుగుడు మీకు తప్పాలని ఇదంతా రాస్తున్నా. మనకి సీటు నచ్చడం కాదు, అది మన కమోడ్‌కి నప్పాలి. సాఫ్ట్ క్లోజ్, మెటీరియల్ అన్నీ ఆ తరవాతే.

ముందు కొలత, పది నిమిషాల పని

పాత సీటు ఇంకా కమోడ్ మీదే ఉంటే ముందు దాన్ని తీసెయ్యండి (తీసే పద్ధతి కింద చెప్తాను, తుప్పు పట్టిన బోల్టు ఉంటే అదే పెద్ద పని). పాత సీటుని కొలవకండి, ఏటంటే దాన్ని ఎవరో ఎప్పుడో తప్పు సైజుది పెట్టి ఉండొచ్చు, మా ఇంట్లో అదే జరిగింది. పింగాణీనే కొలవాలి.

కమోడ్ వెనక వైపు రెండు కన్నాలు కనిపిస్తాయి. ఒక కన్నం మధ్య నుంచి రెండో కన్నం మధ్యకి ఎంత ఉందో చూడండి, ఇది మొదటి కొలత. రెండోది పొడవు, రెండు కన్నాలని కలుపుతూ ఒక గీత ఉన్నట్టు అనుకుని ఆ గీత మధ్య నుంచి కమోడ్ ముందు అంచు బయటి వరకు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, ట్యాంకు గోడ నుంచి కొలుస్తారు, లేదా గిన్నె లోపలి ఖాళీని కొలుస్తారు. కన్నాల గీత నుంచే, బయటి అంచు వరకే. మూడోది వెడల్పు, ఎక్కడ బాగా వెడల్పుగా ఉందో అక్కడ బయటి అంచు నుంచి బయటి అంచుకి. నాలుగోది ఎవరూ తియ్యనిది, కన్నాల నుంచి వెనక ఫ్లష్ ట్యాంకు ముఖానికి ఎంత ఖాళీ ఉంది అని. అది ఎందుకో తరవాత.

మా కమోడ్‌కి వచ్చినవి ఇవి: కన్నాల మధ్య 155 మిల్లీమీటర్లు, పొడవు 43.5 సెంటీమీటర్లు, వెడల్పు 36. మొదటి రోజు తెచ్చిన సీటు పొడవు 46, అందుకే అలా బయటకొచ్చింది.

ఇప్పుడు అసలు ఉపాయం చెప్తా. ఒక పాత న్యూస్ పేపరు తడి లేని కమోడ్ అంచు మీద పరిచి, బయటి అంచు చుట్టూ పెన్సిల్‌తో గియ్యండి, రెండు కన్నాలు ఉన్న చోట వేలితో నొక్కితే గుర్తు పడుతుంది, అక్కడ కూడా గుండ్రం చుట్టండి. ఆ గీత వెంట కత్తిరించి పట్టుకెళ్ళండి. షాపులో సీటుని తిరగేసి దాని మీద ఈ పేపరు పెట్టి చూస్తే నంబర్లతో పని లేకుండానే తెలిసిపోతుంది, ముఖ్యంగా ముక్కు ఆకారం. పొడవూ వెడల్పూ రెండూ సరిపోయినా ఒకటి ముందు కోడిగుడ్డులా సన్నబడితే ఇంకోటి ఇంగ్లీష్ అక్షరం డీ లాగా మొద్దుగా ఉంటుంది, నాకు రెండోసారి తప్పు జరిగింది అక్కడే.

ఎంత తేడా వరకు ఫర్వాలేదు అంటే, సీటు అంచు కమోడ్ అంచు కన్నా అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా బయటకి ఉంటే బాధ లేదు. అంతకన్నా చూడాల్సింది సీటు కింద అతికించి ఉండే రబ్బరు బుష్‌లు. మామూలుగా నాలుగు ఉంటాయి, రెండు వెనక, రెండు ముందు. మనిషి బరువు మొత్తం వాటి ద్వారానే పింగాణీకి దిగుతుంది. ముందు బుష్‌లు అంచు దాటి గాల్లో ఉంటే కూర్చున్న ప్రతిసారీ రింగు కిందకి వంగుతుంది, ఆ వంపు వెళ్ళి హింజ్ దగ్గర చీలికగా తేలుతుంది. మా పాత సీటు తిరగేసి చూస్తే ముందు బుష్‌ల మీద ఏమాత్రం అరుగుదల లేదు, కొత్తగా మెరుస్తున్నాయి! అంటే ఇన్నాళ్ళూ అవి అంచుకి తగలనే లేదు. నాన్న మోకాలు కాదు తప్పు, సీటు పొడవు.

రౌండా, ఎలాంగేటెడా అనే గొడవ

ఆన్‌లైన్‌లో సీటు వెతికితే ఈ రెండు మాటలూ కనిపిస్తాయి, చదివి చాలామంది బెంబేలెత్తిపోతారు. అవి ఎక్కువగా అమెరికా కొలతలు. అక్కడ గిన్నెలు దాదాపు రెండే సైజులు, కన్నాల గీత నుంచి ముందు అంచుకి సుమారు 16.5 అంగుళాలు ఉంటే రౌండ్, సుమారు 18.5 ఉంటే ఎలాంగేటెడ్. సెంటీమీటర్లలో 42, 47 అనుకోండి. కన్నాల మధ్య దూరం రెంటికీ ఐదున్నర అంగుళాలే, అంటే 140 మిల్లీమీటర్లు. కాబట్టి వాళ్ళకి ఈ ఒక్క మాట చెప్తే చాలు, సీటు దొరికేస్తుంది.

మనకి అలా కుదరదు. ఇక్కడ కంపెనీలు మోడల్‌కి ఒక ఆకారం చేస్తాయి, అందుకే షాపువాడు మొదటి మాటే "ఏ మోడల్" అంటాడు. మా 43.5 చూడండి, అది వాళ్ళ రౌండూ కాదు, ఎలాంగేటెడూ కాదు. ఇది నాకు ప్రాక్టికల్‌గా ఎలా తెలిసిందంటే, మా అక్కావాళ్ళు డల్లాస్ నుంచి వస్తూ నాన్న కోసమని మెత్తగా మూసుకునే ఎలాంగేటెడ్ సీటు ఒకటి సూట్‌కేసులో పెట్టుకొచ్చేరు. బావ చాలా సరదాగా విప్పేడు. బోల్టులు 140 దగ్గర ఉన్నాయి, మా కన్నాలు 155 దగ్గర, ఒక్కో పక్కా ఏడున్నర మిల్లీమీటర్లు జరగాలి, ఆ హింజ్‌కి అంత జరిగే గాడి లేదు. ఎలాగోలా జరిపినా ముందు మూడున్నర సెంటీమీటర్లు బయటకి వేలాడేది. "పోనీ కన్నం పెద్దది చేద్దామా బావా" అన్నాడు డ్రిల్లు పట్టుకుని. వద్దని బతిమాలాల్సి వచ్చింది, పింగాణీకి మామూలు డ్రిల్లు పెడితే పగులు ఎటు పరిగెడుతుందో ఎవడికీ తెలీదు, రెండు వేల సీటు కోసం కమోడ్ మొత్తం మార్చుకోవాల్సి వస్తుంది.

కొన్ని హింజ్‌లకి మాత్రం కింద గుండ్రటి బిళ్ళ ఉండి అందులో బోల్టు కన్నం మధ్యలో కాకుండా ఒక పక్కకి ఉంటుంది. ఆ బిళ్ళని తిప్పితే బోల్టు లోపలికీ బయటికీ, ముందుకీ వెనక్కీ జరుగుతుంది. అలాంటిది దొరికితే కన్నాల దూరంలో చిన్న తేడాలు సర్దుకుంటాయి. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి, వెడల్పు కోసం బిళ్ళ తిప్పితే పొడవు కూడా మారిపోతుంది, రెండూ ఒకేసారి మనకి కావలసినట్టు రావు.

సీటు ఒక్కటే మారుస్తుంటే పొడుగ్గా ఉన్నదా గుండ్రటిదా అని ఎంచుకునే ఛాయిస్ అసలు లేదు, గిన్నె ఏది అయితే సీటు అదే. కమోడ్ కూడా మారుస్తున్నవాళ్ళకి మాత్రం ఒక మాట, పొడుగు గిన్నె పెద్దవాళ్ళకి, పొడుగు మనుషులకి తొడల కింద ఆసరా ఎక్కువ ఇస్తుంది, కానీ మన ఫ్లాట్లలో చిన్న బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుంది కదా, ఆ ఐదు సెంటీమీటర్లే తలుపుకి అడ్డం వస్తాయి. ముందు అట్ట ముక్క పెట్టి తలుపు తీసి చూసుకోండి.

సాఫ్ట్ క్లోజ్ లోపల ఏముంది

వదిలేస్తే సీటు మెల్లగా దిగుతుంది కదా, లోపల స్ప్రింగు ఉందనుకుంటారు చాలామంది. అది డ్యాంపర్, వేలు అంత చిన్న గొట్టం. అందులో తేనె కన్నా చిక్కటి గ్రీజు నింపి ఉంటుంది, మధ్యలో రెక్కలున్న కడ్డీ తిరుగుతుంది. సీటు పడుతుంటే ఆ రెక్క గ్రీజుని ఒక సన్నటి సందులోంచి అవతలి పక్కకి నెట్టాలి, ఎంత వేగంగా నెడితే అంత ఎదురు తిరుగుతుంది. అందుకే వదిలేస్తే మెల్లగా దిగుతుంది, చేత్తో గట్టిగా నొక్కితే లోపల ఒత్తిడి పెరిగి రెక్క విరగడమో సీలు పోవడమో జరుగుతుంది. మా ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఇది అలవాటు, "ఇదేంటి పడట్లేదు" అని అరచేత్తో నొక్కేస్తారు. సాఫ్ట్ క్లోజ్ సీట్లు చచ్చేది ఎక్కువగా ఇలాగే.

ఇంకో సంగతి, చాలా సీట్లలో రెండు పక్కలా ఒక్కో డ్యాంపర్ ఉంటుంది, ఒకటి మూతకి, ఒకటి రింగుకి. అందుకే మూత దబ్బున పడి రింగు మాత్రం మెల్లగా దిగుతుంటే ఒక పక్క డ్యాంపర్ మాత్రమే పోయిందని అర్థం. అదే మోడల్‌కి డ్యాంపర్ విడిగా దొరికితే సీటు మొత్తం మార్చక్కర్లేదు. వేరే సీటు డ్యాంపర్ పీకి ఇందులో పెట్టకండి, ఆ గ్రీజు బిగువు ఆ మూత బరువుకి సరిపోయేలా పెట్టి ఉంటుంది, బరువు తేడా ఉంటే దబ్బున పడుతుంది లేదా మధ్యలో ఆగిపోతుంది.

షాపులో ఎలా చూడాలి? డబ్బా మీద సాఫ్ట్ క్లోజ్ అని రాసుంటే సరిపోదు. కౌంటర్ మీద సీటుని పెట్టి హింజ్ బోల్టులు కౌంటర్ అంచు అవతలికి వేలాడేలా సర్దండి, ఒక చేత్తో రింగు నొక్కి పట్టి మూత నిలువుగా లేపి వదలండి. తరవాత రింగూ మూతా రెండూ లేపి వదలండి. రెండుసార్లూ ఆగకుండా ఒకే తీరుగా దిగాలి, చివరి నాలుగు వేళ్ళ దూరంలో దబ్బుమని పడకూడదు. నేను కొన్న దాంట్లో మూత దిగడానికి ఏడెనిమిది సెకన్లు పట్టింది. గ్రీజు కాబట్టి ఎండాకాలం కాస్త బేగి దిగుతుంది, అది లోపం కాదు.

ఇప్పుడు ఆ నాలుగో కొలత సంగతి. మూత తెరిచినప్పుడు నిలువు కన్నా కొంచెం వెనక్కి వాలి నిలబడాలి. కన్నాలకీ ట్యాంకుకీ మధ్య ఖాళీ తక్కువుండి, మూత లావుగా ఉంటే అది నిలువు దాకా రాకుండానే ట్యాంకుకి తగిలేస్తుంది, అప్పుడు మనం వదలగానే మెల్లగా మన వీపు మీదకి దిగడం మొదలుపెడుతుంది. మామూలు సీటైతే ఫట్‌మని పడి తెలిసేది, ఇది చప్పుడు లేకుండా దిగుతుంది, మగవాళ్ళు నిలబడి ఉన్నప్పుడు రింగు దిగితే ఇక చెప్పక్కర్లేదు. షాపులో మూత పూర్తిగా తెరిచి బోల్టు నుంచి మూత వెనక్కి ఎంత పోతుందో టేపు పెట్టి చూడండి, అది మీ ఖాళీ కన్నా తక్కువ ఉండాలి.

మెటీరియల్: మన తడి బాత్రూమ్‌కి, మన ఉప్పు గాలికి

షాపులో రెండే మాటలు వినిపిస్తాయి, పీపీ, యూఎఫ్. పీపీ అంటే పాలీప్రొపిలీన్, మన ప్లాస్టిక్ డబ్బాల జాతి. తేలిక, కాస్త వంగుతుంది, కింద పడినా పగలదు, రేటు తక్కువ. గీతలు మాత్రం బేగి పడతాయి, ఆ గీతల్లో మరక దిగి కొన్నాళ్ళకి ఎంత కడిగినా పసుపుగానే కనిపిస్తుంది. యూఎఫ్ అంటే యూరియా ఫార్మాల్డిహైడ్, అచ్చులో వేడిచేసి గట్టిపరిచాక మళ్ళీ కరగని రకం. ముట్టుకుంటే పింగాణీలా చల్లగా గట్టిగా ఉంటుంది, మెరుపు పోదు, గీతలు అంత తేలిగ్గా పడవు. బరువు కూడా ఎక్కువ. కానీ గట్టిది కాబట్టే పెళుసు, బిగించేటప్పుడు చేయి జారి టైల్స్ మీద పడితే మూల లేచిపోతుంది.

రెంటికీ తేడా డబ్బా చూడకుండా కనిపెట్టాలంటే రింగుని రెండు చేతులతో పట్టి కొంచెం మెలితిప్పండి. పీపీ ఇస్తుంది, యూఎఫ్ ఇవ్వదు. గోరుతో కొడితే పీపీ డొప్పు డొప్పు అంటుంది, యూఎఫ్ కంచం మోగినట్టు టక్ టక్ అంటుంది.

నేను నాన్న బాత్రూమ్‌కి యూఎఫ్ తీసుకున్నా, ఒక పక్కకి ఒరిగి కూర్చునే మనిషికి వంగే రింగు కన్నా గట్టి రింగు మేలు, బరువు నాలుగు బుష్‌ల మీదకీ పంచుతుంది. పిల్లల బాత్రూమ్‌లో మాత్రం పీపీ పెట్టేను, వాళ్ళు మూత మీద ఎక్కి నిలబడతారు, ఎన్నిసార్లు చెప్పినా. ఏ మూతా నిలబడడానికి చేసింది కాదు, కానీ పీపీ అయితే వంగి లేస్తుంది, యూఎఫ్ పగిలి అంచు గీసుకుంటుంది.

చెక్క సీట్లు, పైన మెత్త కుట్టినవి కూడా ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటాయి, కానీ మనం జెట్ స్ప్రే వాడతాం, బాత్రూమ్ అంతా బకెట్లతో కడుగుతాం. పెయింటు ఎక్కడైనా లేస్తే లోపల నొక్కి చేసిన చెక్కపొడి నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, మెత్త దానికి కుట్టు దగ్గర నీళ్ళు దిగి వాసన పట్టేస్తుంది. పొడిగా ఉండే బాత్రూమ్‌ల కోసం చేసినవి అవి, నేనైతే వద్దంటాను.

ఇక హింజ్. బీచ్ దగ్గర ఉండేవాళ్ళం సీటు కన్నా దీన్నే ముందు చూడాలి. గాలిలో ఉప్పు, దానికి తోడు రోజుకి పదిసార్లు జెట్ స్ప్రే నీళ్ళు, బోరు నీళ్ళలో ఉప్పు ఉంటే అదొకటి. పైన మెరిసే పూత పూసిన చవక లోహం హింజ్ అయితే పొక్కులు లేచి కింద నుంచి తెల్లటి పొడి రాలుతుంది, ఇనుప బోల్టు అయితే తుప్పు కారి పింగాణీ మీద ఎర్ర మరక పడుతుంది. అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళండి, బోల్టుకి గట్టిగా అతుక్కుంటే అది మామూలు ఇనుముకి పైన పూతే అని అనుమానించండి. మంచి స్టెయిన్‌లెస్ స్టీలు, మామూలుగా 304 అంటారే అది, అతుక్కోదు లేదా చాలా కొంచెం లాగుతుంది. అతుక్కోనంత మాత్రాన 304 అని గ్యారంటీ లేదు, చవక స్టీల్లో కూడా అతుక్కోనివి ఉన్నాయి, కానీ పనికిరానిది ఏరెయ్యడానికి ఈ పరీక్ష చాలు. బోల్టూ నట్టూ పూర్తిగా గట్టి ప్లాస్టిక్‌వి వస్తే తుప్పు బాధే లేదు, మా ఏరియాలో నాకు అవే నచ్చుతాయి.

కొనే ముందు ఇంకొక్కటి, కింద చెయ్యి పడుతుందా?

కమోడ్ వెనక, కన్నాల కిందకి చెయ్యి పెట్టి చూడండి. నట్టు తగిలితే అది కింద నుంచి బిగించే రకం, మామూలు సీటు ఏదైనా సరే. పక్కలు మొత్తం మూసేసి నున్నగా గోడలా ఉన్న కొత్త రకం కమోడ్లలో, గోడకి వేలాడే చాలా మోడళ్ళలో కూడా, కిందకి చెయ్యి పోదు. వాటికి పైనుంచి బిగించే సీటు అడగాలి, కన్నంలో ఒక రబ్బరు బుష్ దింపి పైనుంచి స్క్రూ తిప్పితే అది లోపల ఉబ్బి పట్టుకుంటుంది. ఇది చూడకుండా కొంటే ఇంటికొచ్చి నట్టు ఎక్కడ పెట్టాలో తెలీక కూర్చుంటారు.

హింజ్ మీద బటన్ నొక్కితే సీటు మొత్తం ఊడి చేతికొచ్చే రకం దొరికితే వంద రెండొందలు ఎక్కువైనా తీసుకోండి, హింజ్ కింద పేరుకునే మురికి కడగడానికి వేరే దారి లేదు.

పాతది తీయడం

ముందు గిన్నెలో ఒక పాత తువ్వాలు పెట్టండి, నట్టో వాషరో జారి లోపల పడితే వెతకడం ఎలాంటి పనో చెప్పక్కర్లేదు. ఫ్లష్ వాల్వు కట్టక్కర్లేదు, నీళ్ళతో పని లేదు. పైన హింజ్ మూతలు లేపితే బోల్టు తల కనిపిస్తుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టి కింద నట్టుని ఎడమకి తిప్పాలి. కింద నుంచి పైకి చూస్తే ఎడమ, పైనుంచి చూస్తే అది కుడిలా కనిపిస్తుంది, మొదటిసారి అందరూ ఇక్కడ తికమకపడి ఇంకా బిగించేస్తారు.

తుప్పు పట్టి కదలకపోతే డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కింద నుంచి నట్టు మీద కొట్టి అరగంట వదిలెయ్యండి, ఈలోపు టీ తాగి రండి. మా ఇంట్లో కుడి బోల్టు అలా వచ్చేసింది, ఎడమది రెండుసార్లు కొట్టినా రాలేదు. అప్పుడు హాక్సా బ్లేడు ఒక్కటే, ఫ్రేము లేకుండా, ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని హింజ్‌కీ పింగాణీకీ మధ్య సందులో పెట్టి బోల్టు కోసేను. పింగాణీ మీద అట్టముక్క పెట్టి టేపు వెయ్యడం మర్చిపోకండి, బ్లేడు ఒక్కసారి జారినా గీత జన్మలో పోదు. పావుగంట పట్టింది, చెయ్యి నొప్పెట్టింది, కానీ అంతే. సుత్తితో కొట్టడం, పెద్ద స్పానర్‌తో బలవంతంగా తిప్పడం మాత్రం వద్దు, బోల్టు కన్నా ముందు పింగాణీ విరుగుతుంది.

తీసేక కన్నాల చుట్టూ పేరుకున్నది పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరనివ్వండి. తడి మీద బిగిస్తే రబ్బరు వాషర్ జారుతుంది.

కొత్తది బిగించడం

రబ్బరు వాషర్ పింగాణీకి రెండు వైపులా ఉండాలి, పైన హింజ్ కింద ఒకటి, అడుగున నట్టుకి ముందు ఒకటి. లోహం ఎక్కడా పింగాణీకి నేరుగా తగలకూడదు. బోల్టులు దింపి నట్లు రెండూ వేళ్ళతో వదులుగానే పెట్టండి, ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకి వెళ్ళకండి, సీటు వంకర వచ్చేది అందుకే.

ఇప్పుడు రింగు దించి ముందు నుంచి చూస్తూ రెండు పక్కలా సమానంగా వచ్చేలా జరపండి. కిందకి వంగి నాలుగు బుష్‌లూ అంచు మీద కూర్చున్నాయా చూడండి. చూపు మీద నమ్మకం లేకపోతే ఒక్కో బుష్ కింద కాగితం ముక్క పెట్టి లాగండి, బిగువుగా వస్తే కూర్చున్నట్టు, జారి వచ్చేస్తే అది గాల్లో ఉన్నట్టు. అన్నీ సరిగ్గా ఉన్నాక సీటుని ఒకరు కదలకుండా పట్టుకుంటే (మా ఇంట్లో ఈ డ్యూటీ అమ్మది) కింద రెండు నట్లూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. ప్లాస్టిక్ నట్టు అయితే చేత్తో ఎంత బిగుస్తుందో అంతా బిగించి ఆపైన ఒక పావు తిప్పు, అంతే. ఇంకా గట్టిగా ఉండాలని స్పానర్ పెడితే మర పోతుంది, లోహపు నట్టుతో అదే పని చేస్తే కన్నం దగ్గర పింగాణీ బీటలు వారుతుంది.

రింగు పక్కలకి పట్టి ఊపండి. వెంట్రుకవాసి కదిలితే హింజ్‌లో సహజం. వాషర్ దగ్గరే జారుతుంటే బిగువు చాల్లేదని. కూర్చుని, నాన్న కూర్చున్నట్టు ఒక పక్కకి ఒరిగి కూడా చూసేను, టక్‌మని చప్పుడు రాలేదు. మూత లేపి వదిలి చూడండి, షాపులో దిగినంత నెమ్మదిగానే దిగాలి, ఇక్కడ వేగంగానో వంకరగానో దిగితే రెండు హింజ్‌లూ ఒకే గీతలో లేవని అర్థం, నట్లు వదులు చేసి మళ్ళీ సర్దాలి. వారం తరవాత ఒకసారి నట్లు చేత్తో చూడండి, కొత్త రబ్బరు వాషర్లు నొక్కుకుపోయి కొంచెం వదులవుతాయి, నాకు సగం తిప్పు పట్టింది.

యాసిడ్ సీసా గురించి

దీని గురించి అమ్మతో చాలాసేపు వాదన అయ్యింది. బాత్రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్, అది పింగాణీని పెద్దగా ఏమీ చెయ్యదు గానీ హింజ్ పూతని తినేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా చిన్న చిన్న గుంటలు పెడుతుంది, యూఎఫ్ మీద పడి ఉండిపోతే మెరుపు పోయి సున్నం రాసినట్టు అయిపోతుంది. సీటు మీదకి సబ్బు నీళ్ళూ మెత్తటి గుడ్డా చాలు, పీచు వద్దు. గిన్నెలో టాయిలెట్ క్లీనర్ పోసినప్పుడు రింగూ మూతా రెండూ లేపి ఉంచాలి. చాలామంది వాసన రాకుండా అని మూత మూసేస్తారు, లోపల ఆ ఆవిరంతా వెళ్ళి హింజ్‌లకీ సీటు అడుగుకీ పడుతుంది. క్లీనర్ కడిగేసేక మూసుకోవచ్చు. జెట్ స్ప్రే వాడేక హింజ్ దగ్గర నిలిచిన నీళ్ళు ఒక్కసారి తుడిస్తే ఉప్పు మరక కట్టదు, రోజూ ఎవడు తుడుస్తాడు అంటే నిజమే, మా ఇంట్లో ఆదివారం ఆదివారం జరుగుతోంది.

అన్నీ కలిపి నాకు అయింది 1,850, పాత బోల్టు కోసిన బ్లేడు ఇంట్లోదే. కత్తిరించిన ఆ న్యూస్ పేపరు ముక్క మీద నాలుగు కొలతలూ, కొన్న మోడల్ పేరూ, బిగించిన తేదీ రాసి మడతపెట్టి కరెంటు మీటరు పెట్టెలో పెట్టేను. బావ డల్లాస్ వెళ్తూ వెళ్తూ దాన్ని ఫోటో తీసుకుని వెళ్ళేడు, ఆ ఎలాంగేటెడ్ సీటు మాత్రం ఇంకా మా అటక మీదే ఉంది, 140 కన్నాల గిన్నె ఎవరిదైనా ఉంటే చెప్పండి.